ఆరాంగా చూసి చెప్పండి అని రాసిన మెయిల్

డెమో బాగా జరిగితే సగం అమ్మకం అయిపోయినట్టే అని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకం ఎంత పనికిమాలినదో ఒక వేసవిలో తెలిసొచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ముందే చెబుతున్నాను.

అప్పట్లో మలక్‌పేటలో ఒక చిన్న కంపెనీలో సేల్స్ చూసేవాణ్ణి. మొత్తం ఆరుగురం. మందుల ఫ్రిజ్‌లకు పెట్టే అలారం మిషన్లు అమ్మేవాళ్లం. మిషన్ అంటే పెద్దదేం కాదు, అరచేతిలో పట్టే డబ్బా. దాన్నుంచి సన్నటి వైరు ఒకటి ఫ్రిజ్ లోపలికి పోతుంది. కొన్ని ఇంజెక్షన్లు, టీకాలు రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్యనే ఉండాలి. ఆ గీత దాటి పది నిమిషాలు గడిచిందంటే డబ్బా తనంతట తానే ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే రెండో నంబరుకు, అక్కడా ఎత్తకపోతే మూడో నంబరుకు. కరెంటు పోయినా లోపల బ్యాటరీ ఉంటుంది, సిమ్ కార్డు ఉంటుంది. ఐదు నిమిషాలకోసారి ఎన్ని డిగ్రీలు ఉందో గుర్తుపెట్టుకుంటుంది కూడా.

ఏప్రిల్ చివర్లో గౌలిపుర దగ్గరి ఒక ట్రస్టు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. కాన్పుల ఆస్పత్రి. ముప్పై మంచాలుంటాయి. మాట్లాడింది అక్కడి ఫార్మసీ చూసే అమ్మాయి. పెళ్లయి, ఇద్దరు పిల్లలున్న మనిషే గానీ గొంతు వింటే కాలేజీ పిల్లలా ఉండేది. జల్‌పల్లి నుంచి రోజూ రెండు ఆటోలు మారి వచ్చేది. వాళ్లాయన పెయింటింగ్ పనికి పోతాడు, పని ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

"అన్నా, మీ మిషన్ ఒకసారి తెచ్చి చూపిస్తారా? నాకు జర జల్దీ కావాలె" అంది.

అంత తొందర ఎందుకో నేను అడగకముందే చెప్పింది. కిందటి వేసవిలో ఫ్రిజ్ ప్లగ్గు ఎవరో ఊడదీసి ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారట. పొద్దున చూస్తే ఫ్రిజ్ అంతా వేడి. మందులన్నీ పారేయాల్సి వచ్చింది. ట్రస్టు కమిటీ ఆమెను పిలిచి, ఇంకోసారి ఇలా అయితే వేరే చోటు చూసుకోమని చెప్పింది. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టించుకుంది.

"ప్లగ్గు తీసింది నేను గాదు. కానీ తాళం నా దగ్గరుంటది గద, తప్పు గూడ నాదే అన్నరు. మల్ల ఎండలు ముదురుతున్నయి. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. ఇంటికి పోయినా నాకు గదే ఫికర్."

మర్నాడే వెళ్లాను. ఫార్మసీ గదిలో ఆమె, ఒక డాక్టరమ్మ, ట్రస్టు సెక్రటరీ సాబ్ ఉన్నారు. సెక్రటరీ సాబ్‌ది డెబ్బై దాటిన వయసు. తెల్ల కుర్తా, చేతికర్ర, మెల్లటి మాట. ఆ ఆస్పత్రిలో ఏది కొనాలన్నా ఆయన చేతి మీదుగా కమిటీకి పోవాలి. నేను వెళ్లగానే లేచి నిలబడి చేయి కలిపారు. నా వయసు వాడికి ఆయన లేవడం ఏమిటని నాకే సిగ్గేసింది.

డెమో అదిరిపోయింది. వైరు ఫ్రిజ్‌లోంచి తీసి డాక్టరమ్మ గుప్పిట్లో పెట్టాను. తెరమీద అంకెలు ఐదు నుంచి పన్నెండు, ఇరవై, ముప్పై దాటి పోయాయి. చూపించడానికని పది నిమిషాల గడువును నిమిషానికి తగ్గించి పెట్టాను. నిమిషం కాగానే సెక్రటరీ సాబ్ జేబులో ఫోన్ మోగింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వి, "అరే వా! ఫ్రిజ్ నాకు ఫోన్ చేస్తున్నదా?" అన్నారు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఫార్మసీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ మోగే ఫోన్ వైపే చూస్తూ నిలబడింది.

"బహుత్ ఖూబ్. మీరు కాగితం పంపండి బేటా, మెయిల్‌ల పంపండి. మేము ప్రింటు తీసుకుంటం" అన్నారు సెక్రటరీ సాబ్.

గేటు దాకా ఆమె నాతో వచ్చింది. అక్కడ చెప్పిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. మరిచిపోదామన్నా పోవు.

"అన్నా, కమిటీ నెలకు ఒక్కపారే కూసుంటది, మొదటి ఆదివారం. అంటే ఈ వచ్చే ఆదివారమే. గురువారం దాకా ఏ కాగితం ఫైల్ల పడితే గదే చదువుతరు. మీరు రేపే పంపండి. ఒక్కటే మిషన్ రాయండి, గిది తీసుకోండి అని. ఆదివారం అవునో కాదో చెప్పండి అని సాఫ్‌గ అడగండి. సాబ్ మస్తు మంచోడు. కానీ ఎదుటోళ్లకు తొందర లేదంటే ఆయనకు గూడ తొందర ఉండదు."

ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? కొనేవాళ్ల గుట్టు మొత్తం నా చేతిలో పెట్టింది. ఎవరు నిర్ణయిస్తారో, ఎప్పుడు కూర్చుంటారో, ఏం రాస్తే పని అవుతుందో. నేను తలూపాను. "నువ్వు ఫికర్ చేయకు చెల్లె, నేను చూసుకుంట" అన్నాను. పెద్ద మొనగాడినని నా ఫీలింగు.

మర్నాడు, అంటే బుధవారం, ఆఫీసులో కూర్చుని మెయిల్ రాశాను. ఇంగ్లీషులోనే రాశాను, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. మీ విలువైన సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మా కంపెనీ గురించి, మా మిషన్ల గురించి పూర్తి వివరాలు జతచేశాను. మీ అవసరాన్ని బట్టి మూడు రకాల ప్లాన్లున్నాయి, బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం. ఈ ఆదివారం కమిటీలో నిర్ణయం తీసుకుని సోమవారం చెప్పగలిగితే ఆ వారంలోనే బిగిస్తాం.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాను. డెబ్బై దాటిన పెద్దమనిషి లేచి నిలబడి చేయి కలిపింది గుర్తొచ్చింది. అంతటి మనిషికి గడువు పెట్టడమా? ఆదివారం తేల్చండి, సోమవారం చెప్పండి అని హుకుం జారీ చేయడమా? మా నాన్న గౌలిపుర గల్లీల్లో ముప్పై ఏళ్లు ఇంటింటికీ పాలు పోశాడు. ఒక్క ఇంటి ముందు నిలబడి, ఇంకో అరలీటరు తీసుకోండమ్మా అని అన్న మనిషి కాదు. "మీ ఇష్టం తల్లీ" అనేవాడు, అంతే. నేను ఆ ఇంట్లో పెరిగాను. మా మేనేజర్ పొద్దున్నుంచి "క్లోజ్ చెయ్, క్లోజ్ చెయ్" అని నెత్తిన కూర్చుంటే నాకు ఒళ్లు మండేది. నేను అలాంటి అమ్మకందారుని కాదు అని నాకో గర్వం ఉండేది లోపల.

ఆ వాక్యం చెరిపేశాను. దాని చోట, "తొందరేమీ లేదు సాబ్, మీ వీలు చూసుకుని ఆరాంగా చెప్పండి" అన్న అర్థం వచ్చేట్టు ఒక చక్కటి ఇంగ్లీషు వాక్యం రాశాను. చదువుకుని మురిసిపోయాను కూడా. మర్యాద అంటే ఇదీ అనుకున్నాను. పన్నెండు పేజీల బ్రోషర్ తగిలించి, సెక్రటరీ సాబ్ ఒక్కరికే పంపేశాను. ఫార్మసీ అమ్మాయికి ఒక కాపీ పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. పెట్టి ఉంటే ఆమె అదే రోజు చూసి, నన్ను నాలుగు తిట్టి, మళ్లీ రాయించేది.

ఆదివారం గడిచింది. సోమవారం ఫోన్ రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం నేను ఇంకో మెయిల్ పెట్టాను, ఊరికే గుర్తుచేద్దామని, నా మెయిల్ చూశారా అని. అందులో చెప్పిందేమీ లేదు, అడిగిందేమీ లేదు. ఆ సాయంత్రమే సెక్రటరీ సాబ్ జవాబు వచ్చింది. ఎంత మర్యాదగా రాశారంటే చదువుతుంటే లేచి నిలబడాలనిపించింది. మీరు పంపిన వివరాలు చేరాయి, చాలా సంతోషం. మూడు ప్లాన్లున్నాయి కాబట్టి తీరిగ్గా చర్చించాల్సిన విషయం. మీరు కూడా తొందర లేదని దయతో రాశారు కాబట్టి వచ్చే నెల సిట్టింగుకు ఉంచాము.

పావుగంటలో ఆమె ఫోన్.

"ఏంది అన్నా గిట్ల రాసిండ్రు?"

"ఏమైంది చెల్లె?" అన్నాను.

"ఆరాంగా అని ఎందుకు రాసిండ్రు? గేటు కాడ గంత చెప్పిన గద! సాబ్ అందరి ముందట చదివిండట, కంపెనీ ఆయనే ఆరాంగ అంటున్నడు, మనకేం లొల్లి అని పక్కకు పెట్టిండట. మూడు పెట్టిండ్రు, ఏది తీసుకోవాలో చెప్పకపోతిరి. ఆళ్లకేం తెలుస్తది?"

"ఒక్క నెలే కదా చెల్లె" అన్నాను.

"అవునన్నా, ఒక్క నెలే. మే నెల" అని ఫోన్ పెట్టేసింది.

అప్పుడైనా నేను సెక్రటరీ సాబ్‌కు ఫోన్ చేసి ఉండొచ్చు. సాబ్, నేను తప్పు రాశాను, మీకు తొందర ఉంది, కమిటీ పెద్దలను ఫోన్ మీదైనా అడగండి అని చెప్పి ఉండొచ్చు. ఆయన కాదనేవారు కాదని ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఒకసారి ఆరాంగా అని రాసి, వారం తిరక్కుండానే తొందర అంటే నా మాట ఏమవుతుంది అనుకున్నాను. నా మాట! అదేదో బంగారం అయినట్టు దాన్ని కాపాడుకున్నాను.

మే మూడో వారంలో ఒక శనివారం రాత్రి గాలివాన వచ్చింది. ఆ చుట్టుపక్కల కరెంటు పోయింది. ఆస్పత్రికి జనరేటర్ ఉంది గానీ దాని లైను కాన్పుల గదికి, ఆపరేషన్ థియేటర్‌కు మాత్రమే. ఫార్మసీకి లేదు. ఆదివారం ఫార్మసీకి సెలవు, అత్యవసరానికి కావలసినవి శనివారమే కాన్పుల గది ఫ్రిజ్‌లో పెట్టేసి పోతారు. సోమవారం పొద్దున ఆమె వచ్చి తలుపు తీసింది. ఫ్రిజ్ నడుస్తోంది. లోపలి థర్మామీటరు ఐదు డిగ్రీలు చూపిస్తోంది.

అక్కడితో వదిలేసి ఉంటే కథే లేదు. రిజిస్టరులో ఐదు అని రాసి సంతకం పెడితే లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆమె మందుల అట్టపెట్టెలు ముట్టుకుని చూసింది. తడిసి మెత్తబడి ఉన్నాయి. పైన ఐస్ గూడు చూసింది. ఎప్పుడూ పొడిపొడిగా ఉండే ఐసు కరిగి, మళ్లీ గడ్డకట్టి, నున్నటి ముద్దలా ఉంది. కింద ట్రే నిండి నీళ్లు నేల మీదికి కారి ఉన్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే, "శనివారం రాత్రి పోయింది, ఎప్పుడొచ్చిందో నేనేం చూసిన" అన్నాడు. ఎన్ని గంటలు పోయిందో, లోపల ఎంత వేడెక్కిందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆ పాత థర్మామీటరు అప్పటి అంకె చూపిస్తుంది తప్ప గడిచిన రెండు రాత్రుల సంగతి చెప్పదు.

ఆమె ఆ మందులన్నీ ఒక పక్కకు తీసి, వాడొద్దు అని రాసి అంటించి, నేరుగా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి చెప్పింది. తర్వాత సెక్రటరీ సాబ్‌కు చెప్పింది. కాన్పు అయిన తల్లులకు, గంటల వయసు పసికందులకు ఇచ్చే ఇంజెక్షన్లు అవి. పాడయ్యాయో లేదో పైకి చూస్తే తెలియదు. అనుమానం ఉన్నప్పుడు ఇవ్వకూడదు. ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

కమిటీ ఫోన్ల మీదే మాట్లాడుకుంది. కిందటేడు సంతకం చేయించుకున్న కాగితం బయటికి తీశారు. నెలాఖరు దాకా వచ్చి, తర్వాత మానేయమన్నారు.

ఇదంతా నాకు ఆమే ఫోన్ చేసి చెప్పింది. ఏడవలేదు, తిట్టలేదు. "కమిటీల మీ కాగితం వస్తదో రాదో అన్నా, ముందే చెప్తున్న. నేనైతే ఉంటలేను. మీరు వేరే ఎవరితోనన్న మాట్లాడుకోండి" అంది. అంటే నా అమ్మకం చెడిపోకూడదని చెప్పడానికి చేసిందా ఫోను! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. మేనేజర్ వచ్చి ఏమైందని అడిగితే, ఏం లేదు, ఎండ దెబ్బ అన్నాను.

ఆ సాయంత్రం సెక్రటరీ సాబ్ ఇంటికి వెళ్లాను. చాయ్ తెప్పించారు. తాగబుద్ధి కాలేదు.

"సాబ్, ఆ అమ్మాయి తప్పు లేదు."

"ఆ మాట నాకు తెల్వదా బేటా?" అన్నారు ఆయన. "కానీ కమిటీల తొమ్మిది మంది ఉన్నరు. రెండోసారి అయింది అంటున్నరు. నా ఒక్కని మాట నడవలే."

"మిషన్ ఆ మొదటి వారమే పెట్టి ఉంటే ఆ రాత్రే ఫోన్ వచ్చేది, మందులు కాన్పుల గది ఫ్రిజ్‌లోకి మార్చేవాళ్లు."

ఆయన చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నన్ను చూశారు. "మరి మీరు చెప్పలేదు గద భాయ్. మీరు ఆరాంగా అన్నరు. తొందర ఉన్నదని మీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు సాబ్."

"తెలిసి ఎందుకు చెప్పలే?"

"మీకు గడువు పెట్టినట్టు ఉంటదని."

ఆయన చాయ్ కప్పు నా వైపు జరిపారు. "నేను గూడ గట్లనే అనుకున్న. పిల్లోడు మర్యాదస్తుడు, తొందర పెట్టుడు ఎందుకని" అన్నారు. "ఇద్దరం మర్యాద చేసుకున్నం. ఇప్పుడు మల్ల రాయండి. ఈసారి మర్యాద వద్దు. మాటర్ రాయండి."

కమిటీ వాళ్లు ఏం అడుగుతారో ఒక్కొక్కటీ ఆయన్నే అడిగి రాసుకున్నాను. మొదటిసారే చేయాల్సిన పని అది. రాత్రి ఫోన్ ఎవరికి వస్తుంది? వాచ్‌మన్ నిద్రపోతే ఎట్లా? కరెంటు లేనప్పుడు మిషన్ ఉండి ఏం లాభం? ఇవీ వాళ్ల ప్రశ్నలు. నా పన్నెండు పేజీల బ్రోషర్‌లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మా కంపెనీ ఎప్పుడు పెట్టారో, మా ఆఫీసు ఎంత బాగుంటుందో మాత్రం ఉంది.

రెండో మెయిల్ ఒక్క పేజీ దాటనివ్వలేదు. పన్నెండు పేజీల బ్రోషర్ తగిలించలేదు. మొదటి నాలుగు వరుసల్లో వాళ్ల సంగతే రాశాను. రెండు వేసవుల్లో రెండుసార్లు మందులు పారేయాల్సి వచ్చింది, రెండుసార్లూ పొద్దున దాకా ఎవరికీ తెలియలేదు. తర్వాత, మీకు కావలసింది ఈ ఒక్క మిషన్, పెద్ద ప్లాను మీకు అక్కర్లేదు అని రాసి దాని ఖరీదు పెట్టాను. మొదటి ఫోన్ కాన్పుల గది డ్యూటీ నర్సుకు, అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు, రెండోది ఫార్మసిస్టుకు, మూడోది సెక్రటరీ సాబ్‌కు అని రాశాను. మా మిషన్ హెచ్చరిస్తుందే తప్ప కరెంటు తెచ్చి ఇవ్వదు, అందుకని జనరేటర్ లైను ఫార్మసీకి కూడా లాగించండి, ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని, మా దగ్గర కొన్నా కొనకపోయినా అది మాత్రం చేయించండి అని కూడా రాశాను. చివర్లో, జూన్ మొదటి ఆదివారం మీరు అవునంటే బుధవారం బిగిస్తాం, గురువారం నర్సులకు నేర్పిస్తాం. వద్దనుకుంటే అదీ ఆదివారమే చెప్పండి, మీరు వేరే ఏర్పాటు చేసుకోవడానికి ఆలస్యం కాకూడదు. ఈ వాక్యాన్ని ఈసారి చెరపలేదు.

ఇంకొక పేరా ఉంది. కిందటి నెల మెయిల్‌లో తొందర లేదని రాసింది నేను, అది నా పొరపాటు. తొందర ఉందని మీ ఫార్మసిస్టు నాకు ముందే చెప్పారు. ఆ సోమవారం ఆమె చూసి చెప్పినదే రేపు ఈ మిషన్ చెబుతుంది. మిషన్ కొంటూ, అదే పని చేసిన మనిషిని పంపించేయడం సరైనదా అని కమిటీ ఒకసారి ఆలోచించాలని నా మనవి.

మా మేనేజర్ అది చదివి కుర్చీలోంచి లేచాడు. "పిచ్చి లేసిందా నీకు? ప్రపోజల్‌లో మన తప్పు మనమే ఒప్పుకుంటమా? వాళ్ల స్టాఫ్ సంగతి మనకెందుకు? ఆ పేరా తీసెయ్."

"తీయను" అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. "ఆర్డరు పోతే నా మీద రాసుకోండి."

ఈసారి సెక్రటరీ సాబ్‌తో పాటు డాక్టరమ్మకు, ఫార్మసీ అమ్మాయికి కూడా పంపాను. గురువారం ఫోన్ చేసి ఫైల్లో పడిందా అని అడిగాను. పడిందన్నారు. ఆదివారం మధ్యాహ్నం నమాజు అయ్యాక సెక్రటరీ సాబ్ నుంచి ఫోన్ వచ్చింది. మిషన్ ఖాయం అయింది. జనరేటర్ లైను కూడా. నా కాగితాన్ని కమిటీలో రెండుసార్లు చదివించారట. కింది పేరా దగ్గర ఇద్దరు ముగ్గురు గొడవ చేశారట, చివరికి ఒప్పుకున్నారట.

"ఆ బేటీని గూడ మల్ల రమ్మని మనిషిని పంపినం" అన్నారు.

నేను కళ్లు తుడుచుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఆదివారం ఇంట్లో అందరి ముందూ ఏడ్చాను. పోయిందనుకున్నది చేతికి తిరిగొచ్చినట్టనిపించింది.

బుధవారం మిషన్ బిగించడానికి వెళ్లాను. ఫార్మసీలో వేరే అబ్బాయి ఉన్నాడు. ఆమె ఏదని అడిగితే, రాలేదండీ, నన్ను పెట్టారు అన్నాడు. పని ముగించి, ఎందుకు రాలేదో తెలుసుకోకుండా ఉండలేక, డాక్టరమ్మను అడిగి జల్‌పల్లి వెళ్లాను. కొత్త కాలనీలో రోడ్డు మీద ఒక చిన్న మందుల షాపు. కౌంటరు వెనక ఆమె నిలబడి ఉంది. ఆస్పత్రిలో వచ్చే జీతంలో ఇక్కడ సగం కూడా ఉండదని ఆ షాపు చూడగానే తెలిసిపోతుంది.

"రమ్మన్నారట కదా చెల్లె, ఎందుకు రాలేదు?"

"వచ్చిండ్రన్నా, పిలిచిండ్రు. నేనే పోలే." ఎవరికో జ్వరం గోళీలు ఇస్తూనే మాట్లాడింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు తీసేసిండ్రు. రేపు మల్ల గట్లనే అయితే నాకు చెప్ప బుద్ధయితదా? భయానికి ఐదు అని రాసి ఊకుంటనేమో. తల్లులు, పసిపిల్లలు అన్నా. నా మీద నాకే నమ్మకం లేదిప్పుడు. అందుకే వద్దనుకున్న."

మిషన్ బిగించామని చెప్పాను. మంచిగైంది అంది, నిజంగానే సంతోషపడుతూ. తర్వాత కౌంటరు కింద నుంచి ఒక కాగితం తీసింది. నా రెండో మెయిల్. పక్కనున్న ఇంటర్నెట్ షాపులో ప్రింటు తీయించుకుందట.

"మా ఆయనకు చదివి చెప్పిన. నా గురించి గింత మంచిగ ఎవ్వరు రాయలే ఎప్పుడు." కాగితాన్ని మడత విప్పి ఒకసారి చూసుకుంది. "గిట్ల రాయొస్తది గద అన్నా మీకు. మరి అప్పుడేంది, ఆరాంగా అని రాస్తిరి?"

"మొహమాటం అయింది చెల్లె" అన్నాను.

ఆమె తలూపింది. నా మీద కోపం లేదు ఆ మొహంలో, ఉంటే బాగుండేది.

"మీకు మొహమాటం అయింది. నాకు నౌకరి పోయింది" అంది. కౌంటరు ముందు ఎవరో చీటీ పట్టుకుని నిలబడితే, "ఏం కావాలమ్మా?" అంటూ అటు తిరిగింది.